గడిలో ఉన్న దో

పేరు: ధనలక్ష్మి. వయస్సు: ముప్పై తొమ్మిది సంవత్సరములు. వృత్తి: బోధన్ బస్టాండు ఎదుటి వరుసలో టైపింగు, జిరాక్సు. రామ్‌దాస్ గారు ఆమెను ఎరిగిన కాలం: పద్నాలుగు సంవత్సరాల నాలుగు మాసములు. ఆ నాలుగు మాసాలు వదిలేస్తే ఏమవుతుందని ఎవరైనా అడిగితే రామ్‌దాస్ గారు నొచ్చుకుంటారు. ఉన్నది ఉన్నట్టు రాయనిది కాగితమే కాదని ఆయన అభిప్రాయం. ఆ అభిప్రాయం మొన్నటి మార్చి నెలలో ఒక మంగళవారం సాయంత్రం కొంచెం కదిలింది. కదిలించినది ధనలక్ష్మి.

రామ్‌దాస్ గారికి డెబ్బై ఒకటి నిండాయి. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరకు విభాగంలో ముప్పై ఒక్క సంవత్సరాలు నకలు గుమాస్తాగా ఉన్నారు. ఏ ఊరి చెరకు ఏ తేదీన నరకాలో తెలిపే ఉత్తర్వులు ఆయన చేతి మీదుగానే పోయేవి. ఒక్క అక్షరం తప్పిపోయిందన్న మాట ఏనాడూ పడలేదు. ఫ్యాక్టరీ మూతపడ్డాక చేతులు ఖాళీగా ఉంచుకోలేక, రెంజల్ మండలంలో మంజీర ఒడ్డున ఉన్న ఒక చిన్న ఎత్తిపోతల రైతు సంఘానికి ఉచితంగా ఉత్తరాలు రాసిపెడుతున్నారు. రాసిన వాటిని టైపు చేయించడానికి వారానికి రెండు సార్లు ధనలక్ష్మి దుకాణానికి వస్తారు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు కలాలు, చంకలో ఫైలు. ఆయన కూర్చునే స్టూలు మీద వేరొకరు కూర్చుంటే ఆయన నిలబడే ఉంటారు తప్ప లేవమని అడగరు. అడగనవసరం లేకుండా ధనలక్ష్మే లేపుతుంది.

ధనలక్ష్మి పుట్టింది బీడీలు చుట్టే ఇంట్లో. ఎనిమిదేళ్లప్పుడే తల్లి పక్కన కూర్చుని దారం చుట్టేది, పదేళ్లకు కట్టలు కట్టేది. కట్టకు ఇరవై ఐదు బీడీలు. వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే పొద్దు గడవదు గనుక తల్లి వేరే విద్య నేర్పింది. కట్టను నిలబెట్టి తలవైపు చూడాలి. గుండ్రం నిండుగా ఉంటే సరి, ఎక్కడైనా సందు కనబడితే ఒకటి తక్కువ. లెక్క వేళ్లతో కాదు, కళ్లతో. ఆ కళ్లతోనే తర్వాత టైపు నేర్చుకుని తెలుగు లోయరు, హయ్యరు రెండూ పాసయింది. పెళ్లయిన నాలుగేళ్లకు భర్త ఆటో మీద వచ్చిన రాబడితో ఒక పాత కంప్యూటరు, అంతకంటే పాత ప్రింటరు కొని ఈ గది తెరిచింది.

రామ్‌దాస్ గారు మొదటిసారి తెచ్చిన ఉత్తరంలో ఏడు "యొక్క"లు ఉండగా, చదవడానికి అడ్డుపడుతున్నాయని ఆమె ఐదు తీసేసింది. ఆయన కాగితం చూసి, కళ్లద్దాలు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"అమ్మా, నకలు అనగా నకలు. మక్కికి మక్కి ఉండవలెను. మీకు తోచినట్టు మార్చుటకు ఇది మీ ఇంటి వంట కాదు."

"తప్పైంది సార్," అని ఆమె ఐదు "యొక్క"లనూ తిరిగి పెట్టింది. అప్పటినుండి పద్నాలుగేళ్లలో ఆయన కాగితంలో ఒక్క చుక్క కూడా మార్చలేదు. అడగడం మాత్రం మానలేదు.

ఇక ఆ మార్చి నెల సంగతి. సంఘానికి ఒక మోటారు, ఒక కాలువ, కాలువకు ఆరు తూములు. యాసంగి వరి పొట్ట దశకు వచ్చింది. ఆ తడి అందితే గింజ పాలు పోసుకుంటుంది, తప్పితే తాలు మిగులుతుంది. తూముకు ఒక రోజు చొప్పున సోమవారం మొదలుకొని శనివారం వరకు వంతులు. రాత్రిపూట నడిపితే గండి పడినా ఎవరూ చూడరని, పొద్దున ఆరు నుండి సాయంత్రం ఆరు వరకే మోటారు నడపాలన్నది సంఘం తీర్మానం. ఆదివారం నుండి నాలుగు రోజులు లైను మరమ్మతు, కరెంటు ఉండదని నోటీసు వచ్చింది. అంటే ఈ ఆరు రోజులు తప్ప పొట్ట మీదున్న వరికి వేరే రోజులు లేవు.

ఇదివరకు వంతులు నోటిమాటగా నడిచేవి. పాత ఆపరేటరు మానుకున్నందువల్ల ముత్తన్న అనే మనిషిని కొత్తగా పెట్టుకున్నారు. నలభై అయిదేళ్లవాడు, పదిహేనేళ్లు భివండిలో మరమగ్గాల మీద పనిచేసి ఊరు చేరినవాడు, చెప్పిన పని చెప్పినట్టు చేసేవాడు. కొత్తవాడికి నోటిమాట చాలదని అధ్యక్షుడు మల్లికార్జున్ పట్టిక రాసిపెట్టమన్నాడు. రామ్‌దాస్ గారు శనివారం నాడు గీతలు కొట్టి పట్టిక తయారు చేశారు.

మొదటి గడి తలకట్టు "క్ర.సం." రెండవది "తూము సంఖ్య మరియు దాని యొక్క పరిధిలోని ఆయకట్టు విస్తీర్ణము (ఎకరములు–గుంటలు)." మూడవది "నీటి విడుదల ప్రారంభించవలసిన వారము మరియు సమయము." నాలుగవది "విడుదల యొక్క వ్యవధి." అయిదవది "రిమార్కులు." సోమవారం వరుసలో అన్నీ పూర్తిగా రాశారు: ఉదయం 6-00 గంటలు, 12 గంటలు, నీరు నిలిపిన పిదప తూమునకు ఒక తాళము వేయవలెను. మంగళవారం నుండి కింది ఐదు వరుసల్లో తూము, ఎకరాలు, వారం పేరు రాసి, మిగతా చోట్ల ఫ్యాక్టరీ రిజిస్టర్లలో ముప్పై ఒక్క ఏళ్లు రాసిన గుర్తే రాశారు: "-do-". పైన ఉన్నదే ఇక్కడా అని దాని అర్థం.

టైపు చేస్తూ ధనలక్ష్మి ఆగింది. "సార్, గీ డో అన్నకాడ పన్నెండు అని కొట్టనా? గడి ఖాళీ ఉన్నట్టే కొడుతుంది కంటికి."

"ఖాళీ ఎట్లా అవుతుంది? డిటో అనునది లోకమంతా ఎరిగిన గుర్తు. ఉన్నది ఉన్నట్టు కొట్టండి."

ఆమె కొట్టింది.

మంగళవారం సాయంత్రం అయిదు దాటాక దుకాణం ముందు ఒక ఆటో ఆగింది. అందులోంచి ముందు మల్లికార్జున్ దిగాడు. వెనక ముత్తన్న, రెండవ తూము రైతు లింబయ్య, చివరి తూమైన ఆరవ తూము కింద రెండెకరాలున్న రేణుకమ్మ దిగారు. లింబయ్య గొంతు అందరికంటే ముందు లోపలికి వచ్చింది.

"సార్, మా తూముకు రెండు గంటల నీళ్లు రాసి ఏం పాపం జేసినమో సెప్పున్రి! పొద్దుగాల ఆరు గొట్టంగ పార వట్టుకొని కూసున్న. మోటర్ లేదు. ఫోన్ జేస్తే గీయన బోధన్ బజార్ల ఉన్న అంటడు. మీ టైం దో బజే అంటడు. రామ్‌దాస్ సార్ రాసిన కాగితం గదా అని నోర్మూసుకున్న. దో బజేకు ఏసిండు, నాలుగ్గొట్టంగ బంద్ వెట్టిండు!"

రామ్‌దాస్ గారు స్టూలు మీదనుండి లేచారు. "పన్నెండు గంటలని రాసి ఉన్నది. రెండని ఎవరు చెప్పినారు?"

ముత్తన్న జేబులోంచి మడతలు విప్పి కాగితం తీశాడు. వేలితో చూపించాడు. "సోమారం పన్నెండు. సక్కగ ఇచ్చిన. మంగళారం సూడున్రి సార్. సమయం: దో. ఎన్ని గంటలు: దో. నా సొంతం కాదు. భివండిల సేటు గిట్లనే ఇంగ్లీషు అక్షరాలల్ల ఫోన్ల మెసేజ్ గొడ్తుండె. దో అంటే దో."

రామ్‌దాస్ గారు కాగితాన్ని కళ్లకు దగ్గరగా పట్టుకున్నారు. తాను ముప్పై ఒక్క ఏళ్లు రాసిన గుర్తు మొదటిసారి వేరే మనిషి కళ్లతో కనబడింది. అది నిజంగానే రెండు.

"మరి బోధన్ బజారుకు ఎందుకు వచ్చినారు పొద్దున?" అని మాత్రం అడగగలిగారు.

"తాళాలకు సార్," అన్నాడు ముత్తన్న వినయంగా. "సివరి గడిల సోమారం ఒక తాళం వెయ్యుమని ఉన్నది. మంగళారం దో అని ఉన్నది. కిందికెల్లి అన్నిటికీ దో. ఉన్నది తూముకు ఒక్కటే. ఇంకో ఐదు కొనుక్కొచ్చిన. లింబయ్య తూముకు రెండు తాళాలేసినం సూడున్రి, గట్టిగ."

మొదట నవ్వింది రేణుకమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. తర్వాత మల్లికార్జున్, ఆపైన కోపంతో వచ్చిన లింబయ్య కూడా. ధనలక్ష్మి మానిటరు వెనక తల దాచుకుంది. ముత్తన్న అందరి ముఖాలూ చూసి, "తాళాల దుకాణపాయన వాపసు దీస్కుంటడు, అడిగిన," అన్నాడు. ఆ మాటకు మళ్లీ నవ్వు.

రామ్‌దాస్ గారు నవ్వలేదు. "తప్పు నాది," అన్నారు. ఆ రెండు మాటలు ఆయన నోట ఆ గదిలో అదే మొదటిసారి వినబడ్డాయి. "లింబయ్యకు పది గంటలు బాకీ పడ్డవి. రేపు బుధవారం పూర్తి చేసి, తక్కిన తూములను ఒక్కొక్క దినము వెనుకకు జరిపెదము."

రేణుకమ్మ నవ్వు అక్కడ ఆగింది. "జరిపితే నేను ఆదివారానికి వడ్త సార్. ఆదివారం కరెంటేది? లింబయ్యన్నకు తడి, నాకు తాలా? పొట్టల ఉన్నది వరి. నాలుగు దినాలు ఎండితే పెయ్యకు మేపుడే."

"అట్లని నా నీళ్లు నేనిడిసి పెట్టాలెనా?" అన్నాడు లింబయ్య.

"నీ నీళ్లు నీకే. నా నీళ్లు నాకే. దినాలే ఆరున్నయ్, ఏం జేద్దాం?"

రామ్‌దాస్ గారు స్టూలు మీద కూర్చుండిపోయారు. లింబయ్యకు ఇస్తే రేణుకమ్మ పొలం ఎండుతుంది, రేణుకమ్మకు ఉంచితే లింబయ్య పొలం ఎండుతుంది. రెండింటికీ మూలం తన కలంలోంచి వచ్చిన రెండక్షరాలు.

"సార్," అన్నది ధనలక్ష్మి మెల్లగా. "పట్టిక మళ్లొకసారి కొడ్దాం. గడులన్నీ నింపి కొడితే ఏమన్న కనవడ్తదేమో. కాని మక్కికి మక్కి గాదు. నన్ను మార్చనియ్యాలె."

పద్నాలుగేళ్ల నాలుగు మాసాల తర్వాత రామ్‌దాస్ గారు చేతిలోని కలానికి మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు. "మార్చండి అమ్మా," అన్నారు.

ఆమె మానిటరును బల్ల చివరికి, అందరికీ కనబడేటట్టు తిప్పింది. "ముందుగాల ఒక ముచ్చట. గీ కాగితం సదివేది ఎవరు?"

"అందరును," అన్నారు రామ్‌దాస్ గారు.

"అందరికంటే ముందు ముత్తన్న. ముత్తన్నా, పొద్దుగాల మోటర్ కాడికి వోయి కాగితంల మొదట ఏం దేవులాడ్తవ్?"

"ఇయ్యాల ఏ వారమో గది. బుధారమైతే బుధారం కాడ ఏ తూమున్నదో."

"అయితే వారం మొదటి గడిల రావాలె." ఆమె వేళ్లు కదిలాయి. క్రమ సంఖ్య మాయమైంది. రామ్‌దాస్ గారి చేయి గాలిలోకి లేచి, ఆగింది.

"క్రమ సంఖ్య లేని పట్టికను నేను చూడలేదు," అన్నారు.

"తూముకే నెంబరున్నది గద సార్. ఒకటి పక్కపొంటి మళ్లొక ఒకటి ఎందుకు? ఏది తూమో ఏది లెక్కో అని కన్ను ఆగుతది."

తర్వాత పెద్ద తలకట్టు పని పట్టింది. తూము సంఖ్య, విస్తీర్ణము ఒకే గడిలో ఇరుక్కుని ఉన్నాయి. విడదీసి రెండు గడులు చేసింది. ఒకదాని మీద "తూము", ఒకదాని మీద "ఎకరాలు". ప్రారంభించవలసిన సమయము అన్నది "మొదలు" అయింది. ఆపే సమయానికి పట్టికలో అసలు గడే లేదు, మొదలుకు వ్యవధి కలుపుకొని చదివేవాడే లెక్క వేసుకోవాలి. దానికి ఒక గడి పెట్టి ఆమె ఆగింది. "దీని మీద ఏం రాద్దాం సార్?"

"నిలుపుదల."

"మోటర్ బంద్ జేస్తం అంటం గని నిలుపుదల జేస్తమా ఎన్నడన్న?" అన్నది రేణుకమ్మ.

"బంద్ అనునది దస్తావేజు భాష కాదు."

"దస్తావేజు మోటర్ నడుపుతదా సార్?"

"బంద్" అని పడింది. వ్యవధి కాస్తా "ఎన్ని గంటలు" అయింది. గంటలు అన్న మాట తలమీద ఒకసారి ఉంటే చాలునని, గడుల్లో అంకె మాత్రమే ఉంచింది. ఒంటి అంకెలు, జంట అంకెలు వంకర టింకరగా ఉండకుండా కుడి వైపు ఒకే వరుసకు చేర్చింది. ఉదయం అన్న పుస్తకపు మాట తీసి పొద్దున, పగలు, మాపు అని అందరూ అనే మాటలు పెట్టింది.

రిమార్కుల గడికి వచ్చేసరికి ముత్తన్న భుజాలు దగ్గరికి ముడుచుకున్నాడు. "అన్ని వరుసల్ల ఒక్కటే మాట ఉంటే దానికి గడి ఎందుకు?" అని ఆ నిలువు వరుస మొత్తం తీసేసి, పట్టిక కింద ఒక్క వాక్యం రాసింది: నీళ్లు బంద్ చేసినంక ప్రతి తూముకు ఒక్క తాళం.

"ఒక్కటి," అన్నాడు లింబయ్య ముత్తన్న వైపు చూసి.

"ఏక్," అన్నాడు ముత్తన్న.

మిగిలింది ఎకరాల గడి. రామ్‌దాస్ గారి అంకెలు 36–05, 35–38, 24–02, 18–01, 36–10, 35–36 అని ఉన్నాయి. ధనలక్ష్మి గుంటలు తీసేయబోయింది.

"అది కూడదు," అన్నారు రామ్‌దాస్ గారు, ఈసారి నిజంగా బాధతో. "ముప్పై ఎనిమిది గుంటలు ఎవరి పొలములోనివి? వాటిని ఎట్లా తుడిచెదరు?"

"తుడుస్తలేను సార్. మీ ఫైల్ల గుంటలు భద్రంగుంటయ్. గోడ మీది కాగితంల నీళ్ల లెక్క గావాలె గని భూమి లెక్క గాదు. రెండు గుంటలకు ఎన్ని నీళ్లు వడ్తయ్? చాయ తాగే లోపట పారుతది."

ఆయన ఫైలు తెరిచి గుంటలు మరోసారి చూసుకున్నారు. నలభై గుంటలకు ఎకరం గనుక ముప్పై అయిదెకరాల ముప్పై ఎనిమిది గుంటలను ముప్పై ఆరు అనడం తప్పు కాదని, అట్లాగే మిగతావీ దగ్గరి ఎకరానికి సరిచేయవచ్చని ఒప్పుకుని తానే ఒక్కొక్కటి చెప్పారు. "ముప్పై ఆరు. ముప్పై ఆరు. ఇరవై నాలుగు. పద్దెనిమిది. ముప్పై ఆరు. ముప్పై ఆరు."

ఆమె "-do-"లను ఒక్కొక్కటిగా చెరిపి, మొదలు గడుల్లో 6, గంటల గడుల్లో 12 అని నింపింది. ఎకరాల గడిని తెచ్చి గంటల గడి పక్కన పెట్టింది. పూర్తయ్యాక కుర్చీలో వెనక్కి వాలి, బీడీ కట్ట తలవైపు చూసినట్టు చూసింది. ఆమె ఏమీ అనకముందే రేణుకమ్మ వేలు తెర మీదికి వెళ్లింది. ఆవిడకు అంకెలు వచ్చు, చదువు అంతంత మాత్రం.

"గిదేంది? ముప్పై ఆరుకు పన్నెండు. ముప్పై ఆరుకు పన్నెండు. గీడ పద్దెనిమిదికీ పన్నెండేనా?"

అది నాలుగవ తూము. గదిలోని కళ్లన్నీ మల్లికార్జున్ వైపు తిరిగాయి. నాలుగవ తూము కింద ఎక్కువ భూమి అతనిదే.

మల్లికార్జున్ తెర దగ్గరికి వంగాడు, మెడ రుద్దుకున్నాడు. "మా తాతల కాడికెల్లి తూముకో దినం, అంతే. ఎకరాలు ఎవలు సూసిండ్రు? అందుకేనా నా గెట్లు ఏటా తెగుతున్నయ్? నీళ్లెక్కువై వాగుల వడ్తున్నయంటే దేవుని దయ అనుకున్న."

"దేవుని దయ గాదు పటేలా, మా నీళ్లు," అన్నది రేణుకమ్మ.

రామ్‌దాస్ గారికి అప్పుడు అర్థమైంది. మూడు రోజుల కింద తన చేత్తోనే ఎకరాలు రాసుకున్నారు, గంటలు రాసుకున్నారు. కాని ఎకరాలు ఒక గడిలో గుంటలతో కలిసి, తూము నెంబరుతో కలిసి ఇరుక్కుని ఉన్నాయి. గంటల గడిలో ఒక్క 12 తప్ప అన్నీ గుర్తులే. ఒక మూల దాగిన అంకెకు మరో మూల దాగిన గుర్తు ఎదురుపడలేదు. ఆ గుర్తు ఒక్క ముత్తన్ననే కాదు, తననూ మోసపుచ్చింది. ఆయన జేబులోని కలం మళ్లీ తీసి, ఫైలు అట్ట మీద లెక్క వేశారు. గొంతు సవరించుకున్నారు.

"ముప్పై ఆరు ఎకరములకు పన్నెండు గంటలు, అనగా ఎకరమునకు ఇరవై నిమిషములు. ఆ ప్రకారము మూడవ తూముకు ఇరవై నాలుగు ఎకరములు, ఎనిమిది గంటలు చాలును. నాలుగవ తూముకు ఆరు గంటలు చాలును. మూడవ దానిలో నాలుగు, నాలుగవ దానిలో ఆరు, వెరసి పది గంటలు మిగులును." ఆయన తల ఎత్తారు. "లింబయ్యకు రావలసినవి పది."

లింబయ్య చప్పట్లు కొట్టాడు. రేణుకమ్మ ధనలక్ష్మి బుగ్గలు రెండు చేతులా పట్టుకుంది. "నీ కండ్లు సల్లగుండ బిడ్డా!"

"నా ఆరు గంటలు అడుగకుండనే వంచుకుంటిరి గద," అన్నాడు మల్లికార్జున్, నవ్వు ఆపుకుంటూ.

"ఇయ్యనంటావా పటేలా?"

"అననియ్యి ఒక్కసారి. అధ్యక్షునికి గంత మర్యాద లేదా?" అని ఫోన్ తీసి మూడవ తూము రైతులకు చేశాడు. వాళ్లు చెప్పింది గది మొత్తానికి వినబడింది: మాకూ మళ్లల్ల నీళ్లు నిలుస్తున్నయ్, నాలుగు గంటలు దీస్కోండ్రి, మేలు.

ధనలక్ష్మి కొత్త వంతులు నింపింది. బుధవారం మూడవ తూముకు పొద్దున 6 నుండి పగలు 2 వరకు, 8 గంటలు. అదే బుధవారం రెండవ తూముకు పగలు 2 నుండి మాపు 6 వరకు, 4 గంటలు. గురువారం నాలుగవ తూముకు పొద్దున 6 నుండి పగలు 12, అక్కడినుండి మాపు 6 వరకు మళ్లీ రెండవ తూముకు. శుక్రవారం అయిదు, శనివారం ఆరు. బుధవారం రెండవ వరుసలో వారం గడి ఖాళీగా వదిలితే సొగసుగా ఉంటుందని రామ్‌దాస్ గారు సూచించారు.

"వద్దు సార్. ఖాళీ గడి కూడ దో లెక్కనే. కన్ను పైకి వోయి దేవులాడుకోవద్దు," అని ఆమె రెండుచోట్లా బుధవారం అని కొట్టింది.

ఆ తర్వాత ఆమె చేసిన పని రామ్‌దాస్ గారు ఎన్నడూ మరిచిపోలేదు. ప్రింటు తీసి, గోడకు అంటించి, ముత్తన్నను నాలుగడుగుల దూరంలో నిలబెట్టింది. "గురువారం పగటీలి ఒంటి గంటకు ఏ తూ—"

"రెండు," అన్నాడు ముత్తన్న, మాట పూర్తి కాకముందే.

"శనివారం బంద్ ఎప్పు—"

"మాపు ఆరు." అతడు ఒక అడుగు ముందుకు వేసి, బుధవారం గడిలో ఒకచోట వేలు పెట్టాడు. "అక్కా, ఇది పగలు 2. దో నా, డిటో నా?"

"దో," అన్నారు రామ్‌దాస్ గారు, అందరికంటే ముందు. అప్పుడు మాత్రం ఆయన కూడా నవ్వారు.

శనివారం నాడు రామ్‌దాస్ గారు బస్సెక్కి రెంజల్‌లో దిగి, ముత్తన్న తెచ్చిన మోటారు సైకిలు వెనక కూర్చుని ఏటి ఒడ్డుకు వెళ్లారు. మోటారు గది గోడకు పట్టిక ప్లాస్టిక్ కవరులో వేలాడుతోంది. తాళాలు అయిదూ దుకాణదారుడు వాపసు తీసుకున్నాడు. ఆయన అక్కడ నిలబడి ఉండగా ఒక రైతు బండి మీద పోతూ, ఆగకుండా, తల ఒక్కసారి పక్కకు తిప్పి చూసి, "ఇయ్యాల రేణుకమ్మ దిక్కు!" అని ఎవరికో కేకవేసి వెళ్లిపోయాడు. చదివాడని కూడా అనలేం. చూశాడు, అంతే. తాను రాసిన ఏ ఉత్తర్వునూ ఎవరూ అంత తేలికగా చూసి ఎరగరని రామ్‌దాస్ గారికి గుర్తుకొచ్చింది. అయినా బాధ కలగలేదు.

చివరి తూము దగ్గర నీళ్లు గలగలమంటూ మడిలోకి దిగుతున్నాయి. రేణుకమ్మ మోకాళ్ల దాకా బురదలో నిలబడి పారతో గెట్టు సరిచేస్తోంది. లింబయ్య తన పొలం తడిసిపోయిందని, చేతులు ఊరుకోక సాయానికి వచ్చాడు. పొట్ట మీదున్న వరి నీళ్లు తగిలి, గాలికి ఒక పక్కకు ఒరిగి లేస్తోంది.

"ఎట్ల ఉన్నది సార్ మా వరి?" అని అడిగింది రేణుకమ్మ.

"పై ప్రకారము," అందామని నోటిదాకా వచ్చింది ఆయనకు. "నిండుగా ఉన్నదమ్మా," అన్నారు.

సోమవారం ఆయన దుకాణానికి వచ్చి స్టూలు మీద కూర్చుని, ఫైలులోంచి ఒక అర్జీ తీసి ధనలక్ష్మికి ఇచ్చారు. అది సంఘం పాలకవర్గానికి. ఆమె చదువుకుంటూ టైపు చేయడం మొదలుపెట్టి, మధ్యలో ఆగి, కొంగుతో కళ్లు ఒత్తుకుని, మళ్లీ మొదలుపెట్టింది.

"ఎక్కడ ఆగినారు అమ్మా? అక్షర దోషమా?"

"కాదు సార్. యొక్కలు నాలుగున్నయ్."

"మీ ఇష్టం," అన్నారాయన, బయట బస్సుల వైపు చూస్తూ.

ఆమె సరిచేసిన మీదట ఆ అర్జీ ఈ విధంగా ఉన్నది:

"గౌరవనీయులైన అధ్యక్షులు మరియు పాలకవర్గ సభ్యులకు, నకలు గుమాస్తా రామ్‌దాస్ నమస్కరించి విన్నవించునది. ఇకమీదట మన సంఘం వెలువరించు ప్రతి పట్టిక గోడకు ఎక్కుటకు ముందు బోధన్ వాస్తవ్యురాలు శ్రీమతి ధనలక్ష్మి చూపు కింద పోవలెననియు, తలకట్టులోను గడులలోను ఆమె తగ్గించిన మాటను తిరిగి పెంచరాదనియు, ఏ గడిలోను గుర్తులు వాడక పూర్తి మాటయే వ్రాయవలెననియు, పట్టిక అడుగున నా సంతకం పక్కన 'సరిదిద్దినవారు' అను గడి ఒకటి గీసి అందులో ఆమె పేరు పూర్తిగా వ్రాయవలెననియు తీర్మానించగలరు. ఈ వినతిపత్రంలో సైతం ఆమె సరిదిద్దిన చోట్లను యథాతథంగా ఆమోదించవలసిందిగా సవినయంగా ప్రార్థిస్తున్నాను."